కొత్త బ్యాచ్ కబురు కథలా చెబితే

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్-2 కోచింగ్ ఇచ్చే ఓ చిన్న సంస్థ కొత్త బ్యాచ్ మొదలుపెడుతోందనుకుందాం. పోస్టు ఫీజుతో కాక ఓ అభ్యర్థితో మొదలైతే జనం ఆగి చదువుతారు: "పగలు మెడికల్ షాపులో పని. మొదటిసారి ఎకానమీలో దెబ్బతిన్నాడు. రెండోసారి మా దగ్గర మూడు నెలల టెస్ట్ సిరీస్ మాత్రమే రాశాడు. ఉద్యోగం వచ్చింది."

టెస్టులే రాశాడని ఒప్పుకోవడం ఈ కథకు ప్రాణం. చాలా ప్రకటనలు దాచేది ఇదే. నాలుగు మాక్ ఇంటర్వ్యూలకు వచ్చినవాణ్ణి కూడా తమ పూర్తి కోర్సు విద్యార్థిలా చూపిస్తాయి. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, విజేత ఫొటో వేస్తే అతను ఏ కోర్సులో, ఎంతకాలం చదివాడో, డబ్బు కట్టి చేరాడో లేదో చెప్పాలి. ఫొటోకు రాతపూర్వక అనుమతి అతను ఎంపికయ్యాకే తీసుకోవాలి. అడ్మిషన్ రోజున ముందే సంతకం పెట్టించుకుంటే కుదరదు. సీట్లు ఖాళీగా ఉండగా "ఇంకా రెండే మిగిలాయి" అని తొందరపెట్టడమూ తప్పే.

కథ అయ్యాక క్లాసుల తేదీ, వేళలు, మొత్తం ఫీజు, అందులో మెటీరియల్ కలిసిందో లేదో, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో రాయాలి. చేరే దారి ఒక్కటే చూపాలి: "ఆదివారం ఉదయం పదింటికి డెమో క్లాసుకు రండి. నచ్చితే ఆఫీసులో ఫారం నింపి, మొదటి వాయిదా కట్టి, రసీదు తీసుకోండి."

ఫీజు వాపసు నియమం కాగితం మీద రాసివ్వని చోట మాత్రం డబ్బు కట్టకండి.