రెడ్ వైన్ గుండెకు మంచిదేనా?

వెన్న, చీజ్, మాంసం దండిగా తినే ఫ్రెంచివాళ్లకు గుండెజబ్బులు అమెరికన్లకంటే తక్కువ. ఎందుకని? 1991 నవంబరులో అమెరికా టీవీ కార్యక్రమం ‘60 మినిట్స్’ ఈ ప్రశ్న వేసింది. రెడ్ వైనే కారణం కావచ్చని శాస్త్రవేత్త సెర్జ్ రెనో అన్నారు. రోజుకో గ్లాసు గుండెకు మేలన్న నమ్మకం అప్పటి నుంచే జోరుగా పాకింది.

దానికి ఊతమిచ్చే సర్వేలూ ఉన్నాయి. అసలు తాగనివాళ్లకంటే కొద్దిగా తాగేవాళ్ల గుండె బాగుందని అవి చెప్పాయి. చిక్కంతా పోల్చిన తీరులో ఉంది. ఇరవై ఏళ్లు తాగి, లివరు చెడి, డాక్టరు మందలిస్తే మానేసిన ఒక పెద్దాయనను తీసుకోండి. ‘ఇప్పుడు తాగుతున్నారా?’ అని అడిగితే లేదంటాడు. దాంతో ఆయన పేరు తాగనివాళ్ల జాబితాలో చేరుతుంది. ఇలాంటి రోగులు కలిసిన గుంపు పక్కన నిలబెడితే రోజుకో గ్లాసు తాగేవాళ్లు ఆరోగ్యవంతుల్లా కనిపించడంలో వింతేముంది? పైగా వాళ్లలో చాలామంది డబ్బున్నవాళ్లు, మంచి తిండి తినేవాళ్లు. బ్రిటన్ పరిశోధకులు ఈ లోపాన్ని 1988లోనే ఎత్తిచూపారు. 2023లో 107 అధ్యయనాలను కలిపి, ఇలాంటి లోపాలను సవరించి చూస్తే, కొద్దిగా తాగితే ఆయుష్షు పెరుగుతుందన్న ఆధారం మిగల్లేదు.

ద్రాక్షతొక్కలోని రెస్వెరట్రాల్ మాటేమిటి? ప్రయోగాల్లో దాన్ని వందల మిల్లీగ్రాముల్లో ఇస్తారు. గ్లాసు వైన్‌లో ఉండేది మహా అయితే ఒకటి రెండు మిల్లీగ్రాములు.

క్యాన్సర్ సంగతి ఇంత గజిబిజి కాదు. 12 శాతం ఆల్కహాలున్న 150 మిల్లీలీటర్ల వైన్‌లో సుమారు 14 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. శరీరం దాన్ని ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. అది కణాల్లోని డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. వైనైనా, బీరైనా, విస్కీ అయినా జరిగేది ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లతో దానికి సంబంధముంది. ఆడవాళ్లలో మద్యం ఈస్ట్రోజెన్‌ను పెంచుతుంది. రొమ్ముకు ముప్పు రావడానికి అదో దారి.

ముప్పు ఎంత? అమెరికా సర్జన్ జనరల్ 2025 జనవరిలో చెప్పిన లెక్క ఇది. వారానికి ఒక డ్రింకుకంటే తక్కువ తీసుకునే వందమంది ఆడవాళ్లలో, మద్యంతో సంబంధమున్న క్యాన్సర్లు జీవితకాలంలో 17 మందికి వస్తాయి. రోజుకొకటి తాగితే 19 మందికి, రెండైతే 22 మందికి. ఒక గ్లాసు తెచ్చే ముప్పు చిన్నదే, కానీ సున్నా కాదు.

గుండె విషయంలో వాదన ఇంకా సాగుతూనే ఉంది. మితంగా తాగేవాళ్లలో గుండెజబ్బు మరణాలు తక్కువేనని అమెరికా జాతీయ అకాడమీల నివేదిక 2024 డిసెంబరులో చెప్పింది. అదే నివేదిక రొమ్ము క్యాన్సర్ ముప్పు ఎక్కువనీ చెప్పింది. అలవాటు లేనివాళ్లు గుండె కోసమని వైన్ మొదలుపెట్టొద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సలహా.