నాలుగు రసాలు తిన్న సాయంత్రం

మధ్యాహ్నం అన్నం మానేసి నాలుగు రసాలు జుర్రుకున్నారనుకోండి. సాయంత్రానికి కడుపు ఉబ్బుతుంది, గుడగుడలాడుతుంది, రెండుసార్లు నీళ్ల విరేచనం అవుతుంది. ‘మామిడి వేడి చేసింది’ అంటాం. చాలాసార్లు అసలు కారణం పండులోని ఫ్రక్టోజ్ అనే చక్కెర.

గ్లూకోజ్‌ను చిన్నపేగు సులువుగా పీల్చుకుంటుంది. ఫ్రక్టోజ్‌కు పేగు గోడలో ఉన్న దారి ఇరుకు. గ్లూకోజ్ సమానంగా తోడుంటే అది తేలిగ్గా లోపలికి వెళ్తుంది. మామిడిలో ఆ తోడు చాలదు. 100 గ్రాముల గుజ్జులో విడిగా ఉండే ఫ్రక్టోజ్ సుమారు 4.7 గ్రాములు, గ్లూకోజ్ 2 గ్రాములే. నాలుగు పండ్లకు 600 గ్రాముల గుజ్జు వచ్చిందంటే దాదాపు 16 గ్రాముల ఫ్రక్టోజ్‌కు తోడు లేనట్టే. అంతా కాకపోయినా అందులో కొంత పేగులోనే మిగిలిపోతుంది. ఎంత మిగులుతుందన్నది మనిషిని బట్టి మారుతుంది. అందుకే ఒకే పళ్లెంలో తిన్న అన్నకు ఏమీ కాదు, తమ్ముడికి అవుతుంది.

మిగిలిన చక్కెర పేగులోకి నీటిని లాగుతుంది. విరేచనం పలచబడేది ఇందుకే. పెద్దపేగుకు చేరాక అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ పుట్టిస్తాయి. అదే గ్యాస్. ఆ హైడ్రోజన్ కొంత ఊపిరిలోనూ వస్తుంది. డాక్టర్లు శ్వాస పరీక్షలో కొలిచేది దాన్నే.

ఆపిల్ జ్యూస్‌దీ ఇదే కథ, కాకపోతే నమలకుండా గ్లాసెడు నిమిషంలో దిగిపోతుంది. చంటిపిల్లల విరేచనాలకు ఇదొక కారణం.

రెండు వారాలు మామిడి, జ్యూస్ ఆపి, ఆ రెండు చక్కెరలూ ఇంచుమించు సమానంగా ఉండే అరటిపండు తిని చూడండి. కడుపు కుదుటపడితే అనుమానం ఫ్రక్టోజ్ మీదే. తర్వాత భోజనంతో పాటు ఒక్క పండుతో మొదలుపెట్టవచ్చు. జ్వరం, రక్తం, బరువు తగ్గడం ఉంటే మాత్రం పండును నిందిస్తూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.