ఒక్క ₹ గుర్తు, రెండు ఎస్సెమ్మెస్‌ల ఖర్చు

మందుల షాపు యజమాని 120 అక్షరాల ఆఫర్ మెసేజ్ ఇంగ్లిష్‌లో రాశాడనుకుందాం. ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి కదా అని ధీమా. ఛార్జీ మాత్రం రెండింటికి పడింది! కారణం ధర ముందున్న ₹ గుర్తు. మామూలు ఎస్సెమ్మెస్ అక్షరాల పట్టికలో అది లేదు. అలాంటిది ఒక్కటి చేరినా పరిమితి 70కి పడిపోతుంది. Rs. అని రాస్తే సరిపోయేది.

తెలుగుకు సాధారణంగా 70 మాత్రమే. పైగా ‘తగ్గింపు’ మనకు మూడక్షరాలు, ఫోనుకు ఎనిమిది. ఒత్తు, గుడి, సున్నా, కొమ్ము అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి.

అంతకన్నా పెద్ద చిక్కు అనుమతి. బిల్లు కోసం నంబరిస్తే ప్రకటనలకు ఒప్పుకున్నట్టు కాదు. ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం పంపేవారి పేరు, మెసేజ్ నమూనా ముందే నమోదు కావాలి. అక్కర్లేని ప్రకటనలు వస్తుంటే 1909కి ఫిర్యాదు చేయండి.