మీకు తెలుసా? హజీరా ట్యాంకులో మీథేన్ పరుగు

సూరత్ పక్కనే హజీరా రేవులో ఓడల మీద వచ్చే ద్రవ సహజవాయువును నిల్వ చేస్తారు. అందులో ఎక్కువ భాగం మీథేనే. సుమారు −162 డిగ్రీల చలిలో ఆ ద్రవం మీద తేలే మీథేన్ ఆవిరి అణువుల వేగం ఎంతో తెలుసా? సెకనుకు దాదాపు 416 మీటర్లు!

ఇది ఆర్‌ఎంఎస్ వేగం: అణువుల వేగాల వర్గాల సగటుకు వర్గమూలం. సూత్రం v = √(3RT/M). ఇక్కడ T = 111 కెల్విన్, R = 8.314, M = మోల్‌కు 0.016 కిలోగ్రాములు. అదే వాయువు 27 డిగ్రీలకు, అంటే 300 కెల్విన్‌కు వేడెక్కితే వేగం 684 మీటర్లకు చేరుతుంది. ఉష్ణోగ్రత 2.7 రెట్లు పెరిగినా వేగం 1.64 రెట్లే పెరిగింది. వర్గమూలం మహిమ అది.

విద్యార్థులూ, T స్థానంలో సెల్సియస్ వేయకండి. −162 వేస్తే వర్గమూలం లోపల రుణసంఖ్య వస్తుంది, లెక్క అక్కడే ఆగిపోతుంది.