ఐ-20లో ఉన్నది సగం లెక్కే!

అమెరికా యూనివర్సిటీ పంపిన ఐ-20లో ‘మొత్తం 34,000 డాలర్లు’ అని చూసి, ఎమ్మెస్‌ అంతా అందులోనే అయిపోతుందనుకునే నాన్నలు ఎందరో. ఖర్చుల పట్టికపైన నెలల సంఖ్య చూశారా? చాలావాటిలో 9 అని ఉంటుంది. అంటే ఆ లెక్క రెండు సెమిస్టర్లకే!

ఫీజు 20,000, బీమా 2,000, అద్దె, తిండి 12,000 డాలర్లు అనుకుందాం. రెండేళ్లకు ఫీజు, బీమా కలిపి 44,000. అద్దె మాత్రం వేసవి సెలవుల్లోనూ కట్టాల్సిందేగా! అందుకే 12,000ని తొమ్మిదితో భాగించి 24 నెలలకు లెక్కేయాలి... 32,000 అవుతుంది. వెరసి 76,000 డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే 68.40 లక్షలు. ఐ-20 అంకెను నమ్ముకుంటే 30.60 లక్షలే కనిపిస్తాయి.

ఇంకో మాట. బ్యాంకు మనకు డాలర్లు అమ్మే రేటు, వార్తల్లో చెప్పే రేటుకన్నా ఎక్కువ. డాలరుకు ఒక్క రూపాయి పెరిగినా 76 వేలు అదనం. బ్యాంకులో లోను అడిగేది ఈ లెక్క వేసుకున్నాకే.