వడ్డీ లెక్కలో నెలకు ఎన్ని రోజులు?

డిపాజిట్ మీద వడ్డీ లెక్కగట్టాలంటే అసలు, రేటు, కాలం మూడూ తెలియాలి. అసలు, రేటు పత్రం మీదే ఉంటాయి. కాలాన్ని మాత్రం తేదీల నుంచి తేల్చుకోవాలి. రేటును ఏడాదికి ఇంత అని చెబుతారు కాబట్టి, డబ్బు ఉన్న కాలం ఏడాదిలో ఎన్నో వంతో ముందుగా తేలాలి. నెలలు 28 రోజుల నుంచి 31 రోజుల దాకా ఉంటాయి గనుక ఆ వంతు తేల్చడానికి ఒకటికి మించి పద్ధతులు వాడుకలోకి వచ్చాయి. వాటిలో ముఖ్యమైనవి రెండు: యాక్చువల్ బై 365, 30 బై 360.

మొదటి పద్ధతిలో క్యాలెండర్ ప్రకారం గడిచిన రోజులన్నీ లెక్కపెట్టి 365తో భాగిస్తారు. డబ్బు వేసిన రోజును లెక్కలోకి తీసుకుని, తీసుకునే రోజును వదిలేయడం మామూలు ఆనవాయితీ. మన బ్యాంకుల రూపాయి డిపాజిట్లలో మూడు నెలల లోపు గడువు ఉన్నవాటికీ, మూడేసి నెలల లెక్క పూర్తయ్యాక మిగిలిపోయిన రోజులకూ ఇలా అసలు రోజుల లెక్కనే వాడతారు. కేంద్ర ప్రభుత్వ ట్రెజరీ బిల్లుల లెక్కా ఇదే.

రెండో పద్ధతిలో ప్రతి నెలా 30 రోజులే, ఏడాది 360 రోజులే. తెలుగు ఊళ్లలో నోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీ లెక్క చూసేవారికి ఇది కొత్త కాదు. ఇవాళ్టి తేదీ కింద అప్పు తీసుకున్న తేదీ వేసి, సంవత్సరంలోంచి సంవత్సరం, నెలలోంచి నెల, రోజులోంచి రోజు తీసివేస్తారు. రోజులు చాలకపోతే ఒక నెల అరువు తెచ్చి 30 కలుపుతారు. బాండ్ల మార్కెట్‌లో వాడే పద్ధతి మూలం కూడా ఇదే తీసివేత. భారత ప్రభుత్వ దీర్ఘకాలిక బాండ్లకూ, అమెరికాలో కంపెనీలు, మునిసిపాలిటీలు జారీచేసే చాలా బాండ్లకూ వడ్డీని ఇలాగే కడతారు.

ఒకే డిపాజిట్‌ను రెండు పద్ధతుల్లోనూ చూస్తే తేడా తెలుస్తుంది. 5,00,000 రూపాయలను ఏడాదికి 7.3 శాతం సాధారణ వడ్డీకి వేశారనుకుందాం. ఏడాది వడ్డీ 36,500 రూపాయలు. దాన్ని 365తో భాగిస్తే రోజుకు సరిగ్గా 100 రూపాయలు. 360తో భాగిస్తే రోజుకు 101 రూపాయల 39 పైసలు. అంటే 30 బై 360లో ఒక్కో రోజు ధర కాస్త ఎక్కువ. అయితే ఏడాది మొత్తం మీద ఆ లెక్కలో రోజులు ఐదు తక్కువ.

డబ్బును 2025 జనవరి 15న వేసి జూన్ 20న తీసుకున్నారనుకుందాం. క్యాలెండర్ ప్రకారం జనవరిలో 15వ తేదీతో కలిపి 17 రోజులు, ఫిబ్రవరిలో 28, మార్చిలో 31, ఏప్రిల్‌లో 30, మేలో 31, జూన్‌లో 20వ తేదీని వదిలేస్తే 19, మొత్తం 156 రోజులు. యాక్చువల్ బై 365 ప్రకారం వడ్డీ 15,600 రూపాయలు. తేదీల తీసివేతలో మాత్రం ఐదు నెలల ఐదు రోజులు, అంటే 155 రోజులు వస్తాయి. వాటికి 30 బై 360 ప్రకారం వడ్డీ 15,715 రూపాయల 28 పైసలు. లెక్కలో ఒక రోజు తగ్గినా చేతికి వచ్చే వడ్డీ 115 రూపాయలు పెరిగింది. కేవలం రోజుల సంఖ్య చూసి ఏది లాభమో చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

ఏ పద్ధతిలో ఎక్కువ వస్తుందన్నది ఆ వ్యవధిలో ఏ నెలలు పడ్డాయన్న దాన్ని బట్టి ఉంటుంది. అదే డిపాజిట్‌ను ఫిబ్రవరి 1 నుంచి మార్చి 1 దాకా ఉంచితే అసలు రోజులు 28, వడ్డీ 2,800 రూపాయలు. 30 బై 360లో అది నిండు నెల కాబట్టి 3,041 రూపాయల 67 పైసలు. జులై 1 నుంచి సెప్టెంబర్ 1 దాకా ఉంచితే లెక్క తిరగబడుతుంది. రెండు నెలలకూ 31 రోజులు ఉన్నందున మొదటి పద్ధతిలో 6,200 రూపాయలు, రెండో దానిలో 6,083 రూపాయల 33 పైసలు వస్తాయి.

ఏడాదంతా కలిపి చూస్తే ఈ హెచ్చుతగ్గులు సర్దుకుపోతాయి. 2025 జనవరి 1 నుంచి జులై 1 దాకా 181 రోజులు, అక్కడి నుంచి మళ్లీ జనవరి 1 దాకా 184 రోజులు. యాక్చువల్ బై 365లో మొదటి ఆరు నెలలకు 18,100, తర్వాతి ఆరు నెలలకు 18,400 రూపాయలు. 30 బై 360లో రెండుసార్లూ 18,250 రూపాయలే. ఏ దారిన వెళ్లినా ఏడాది మొత్తం 36,500. ఆరు నెలలకోసారి సమానంగా వడ్డీ ఇచ్చే బాండ్లకు రెండో పద్ధతి అనువుగా ఉండటానికి కారణం ఇక్కడ కనిపిస్తుంది. లీపు సంవత్సరం వస్తే మాత్రం లెక్క మారుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి 2024 ఏప్రిల్ 1 దాకా 366 రోజులు కాబట్టి, భాజకం 365గానే ఉంచితే వడ్డీ 36,600 అవుతుంది. అందుకే కొన్ని బ్యాంకులు లీపు సంవత్సరంలో 366తో భాగిస్తాయి.

30 బై 360లో చిక్కు వచ్చేది 31వ తేదీ దగ్గర. ఆ లెక్కలో 31 అనే రోజే లేదు. జులై 30న వేసి 31న తీస్తే ఒక రోజు గడిచినా వడ్డీ సున్నా, ఎందుకంటే 31ని 30గా తీసుకుంటారు. చివరి తేదీ 31 అయినప్పుడు యూరప్ నియమం దాన్ని ఎప్పుడూ 30గా మారుస్తుంది. అమెరికా నియమం మొదటి తేదీ 30 గానీ 31 గానీ అయితేనే మారుస్తుంది.

360 కనబడగానే 30 బై 360 అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు. అసలు రోజులను లెక్కపెట్టి 360తో భాగించే మూడో పద్ధతి ఉంది. పై డిపాజిట్‌కు 156 రోజులను 360తో భాగిస్తే వడ్డీ 15,816 రూపాయల 67 పైసలు అవుతుంది, మూడింటిలోకీ ఇదే ఎక్కువ. విదేశాల్లో ఉండే తెలుగువారు మన బ్యాంకుల్లో డాలర్లలో వేసే ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్లకు రిజర్వు బ్యాంకు ఏడాదిని 360 రోజులుగా నిర్ణయించింది. వడ్డీని 180 రోజులకోసారి కట్టి, మిగిలిన రోజులకు అసలు లెక్క చూస్తారు. అందువల్ల 5 శాతానికి వేసిన 10,000 డాలర్లకు 365 రోజుల్లో, చక్రవడ్డీ సంగతి పక్కన పెట్టినా, 500 డాలర్లకు పైన ఐదు రోజుల వడ్డీగా మరో 6 డాలర్ల 94 సెంట్లు వస్తాయి.

బ్యాంకు ఏ పద్ధతి వాడిందో సాధారణ వడ్డీ అయితే రసీదు నుంచే తేల్చవచ్చు. వచ్చిన వడ్డీని ఏడాది వడ్డీతో భాగించి, ఆ ఫలితాన్ని ఒకసారి 365తో, మరోసారి 360తో గుణించాలి. 15,715.28ని 36,500తో భాగించి 365తో గుణిస్తే 157.15 వస్తుంది, అది రోజుల సంఖ్య కాలేదు. 360తో గుణిస్తే సరిగ్గా 155. అది తేదీల తీసివేతతో కలిస్తే 30 బై 360, క్యాలెండర్ రోజులతో కలిస్తే యాక్చువల్ బై 360. నిండు సంవత్సరాల డిపాజిట్‌కు రేటు చూస్తే దాదాపు సరిపోతుంది. నెలల మీద, రోజుల మీద ముగిసే డిపాజిట్‌కు మాత్రం రేటుతో పాటు రోజుల లెక్కనూ డబ్బు వేసే ముందే అడిగి తెలుసుకోవాలి.