సరుకు ఆలస్యమైతే ఉత్తరం ఎలా రాయాలి?

పలాసలో జీడి పిక్కలను 80 కిలోల బస్తాల లెక్కన అమ్ముతారు. అక్కడ ఒక మహిళా సంఘం ఉందనుకుందాం. వాళ్ళు పిక్కలు కొని, పప్పు తీసి అమ్ముతారు. పిక్కలు ఇచ్చే షావుకారుతో ఒప్పంద పత్రం రాసుకున్నారు.

సోమవారం రావలసిన 5 బస్తాలు ఒక వారం బుధవారం వచ్చాయి. మరుసటి వారం గురువారం వచ్చాయి. "పోనీలే, వచ్చాయి గదా" అని దించుకున్నారు. మూడో వారమూ గురువారమే బండి వచ్చింది. మూడు రోజులు పని లేదు. పని లేకపోతే కూలీ లేదు.

ఇప్పుడు నష్టం అడగవచ్చా? 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో 55వ సెక్షన్ దీని గురించే చెబుతుంది. గడువే ముఖ్యమైన ఒప్పందంలో సరుకు ఆలస్యంగా వచ్చిందనుకోండి. దాన్ని మాట్లాడకుండా దించుకుంటే, ఆ ఆలస్యానికి తర్వాత నష్టం అడగలేము. దించుకునేటప్పుడే "నష్టం అడుగుతాం" అని షావుకారుకు తెలపాలి. అంటే మొదటి రెండు వారాల డబ్బు పోయినట్టే. మూడోది పోకూడదు. అందుకే బండి వచ్చిన రోజునే ఈ ఉత్తరం రాసి ఇచ్చారు.

పలాస,
తేది 20-11-2025.

జీడి పిక్కల వ్యాపారి గారికి,

అయ్యా,

మనం 1-7-2025న రాసుకున్న ఒప్పందంలో 3వ షరతు ప్రకారం ప్రతి సోమవారం మధ్యాహ్నం 12 గంటల లోపు 5 బస్తాల పిక్కలు మాకు చేరాలి. గడువే ముఖ్యమని అందులో ఉంది. 3వ తేదీ సరుకు 5న, 10వ తేదీ సరుకు 13న, 17వ తేదీ సరుకు ఈ రోజు వచ్చాయి.

ఈ సరుకు దించుకుంటున్నాము. కానీ ఆలస్యానికి నష్టం అడిగే హక్కు వదులుకోవడం లేదు. 6వ షరతు ప్రకారం రోజుకు బస్తాకు 100 రూపాయల చొప్పున, 5 బస్తాలకు 3 రోజులకు 1,500 రూపాయలు ఈ బిల్లులో తగ్గించండి. 24వ తేదీ సరుకు వేళకు పంపండి.

ఇట్లు,
సంఘం అధ్యక్షురాలు, కార్యదర్శి.

చూశారా, ఉత్తరంలో తిట్టు లేదు. "మీరెప్పుడూ ఇంతే" అన్న మాటా లేదు. తేదీలున్నాయి, షరతు నంబర్లున్నాయి. పాత రెండు ఆలస్యాలు చెప్పారు గాని వాటికి డబ్బు అడగలేదు.

తగువు కోర్టుకు వెళితే 1,500 మొత్తం వస్తుందనుకోకండి. 74వ సెక్షన్ ప్రకారం, రాసుకున్న మొత్తం దాటకుండా, న్యాయమని తోచినంతే ఇప్పిస్తారు. అందుకని ఆ మూడు రోజులు ఎవరెవరికి పని పోయిందో సంఘం పుస్తకంలో రాసి ఉంచాలి.

ఉత్తరం రెండు ప్రతులు రాయండి. ఒకటి బండితో వచ్చిన మనిషికి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే అదే రోజు షావుకారు పేరున స్పీడ్ పోస్టులో పంపి, రసీదును ఒప్పంద పత్రానికి గుచ్చి దాచండి.